చెంచా కొలత కాదు

"పిల్లాడికి మందు ఒక చెంచా పట్టు" అనే మాట మన ఇళ్లలో ఇక వినపడకూడదని నా వాదన. ఎందుకో చెబుతాను.

పోయిన నెల మా తమ్ముడికి జ్వరం వచ్చింది. వాడి వయసు ఏడాదిన్నర, బరువు 10 కిలోలు. డాక్టరు పారాసిటమాల్ సిరప్ పూటకు 5 మి.లీ. అని చీటీలో రాశారు. మందుల షాపాయన దాన్ని తమిళంలో "ఒరు స్పూన్" అన్నాడు. ఇంటికొచ్చేసరికి అది "ఒక చెంచా" అయింది. సీసాతో వచ్చిన కొలత మూత ఎక్కడో పోయింది. అవ్వ పంచదార డబ్బాలోని చెంచాతో పట్టింది. జ్వరం తగ్గలేదు. ఆరు గంటలయ్యాక, "ఆ చెంచా మరీ చిన్నది" అంటూ అన్నం తినే పెద్ద చెంచాతో పట్టింది. రెండుసార్లూ ఒక చెంచానే!

మర్నాడు నేను సూది లేని సిరంజి తెచ్చి, ఆ రెండు చెంచాల్లో ఎన్ని నీళ్లు పడతాయో కొలిచాను. చిన్నదాంట్లో 3 మి.లీ., పెద్దదాంట్లో 11 మి.లీ. పట్టాయి. ఆ సిరప్‌లో ప్రతి 5 మి.లీ.కి 125 మి.గ్రా. మందు ఉంటుంది. అంటే తమ్ముడికి మొదటిసారి 75, రెండోసారి 275 మి.గ్రా. వెళ్లింది. డాక్టరు ఇమ్మన్నది 125. వాడికేమీ కాలేదు, కానీ అది మా అదృష్టం. ఈ మందు మోతాదు బాగా మించితే కాలేయం దెబ్బతింటుంది. ఆ సంగతి అదే రోజు పైకి కనపడకపోవచ్చు కూడా.

తప్పు అవ్వది కాదు, ఆ మాటది. టీ స్పూన్ అంటే 5 మి.లీ., టేబుల్ స్పూన్ అంటే 15. మూడింతల తేడా! మనం మాత్రం రెంటినీ చెంచా అనే అంటాం. పైగా పాత్రల కొట్లో అమ్మే చెంచాను తినడానికి చేస్తారు, కొలవడానికి కాదు. నిండా పోస్తే చిక్కటి సిరప్ అంచు పైకి ఉబ్బుతుంది, చెయ్యి వణికితే ఒలికిపోతుంది.

"మిమ్మల్నందర్నీ చెంచాతోనే పెంచాం కదా" అంటారు పెద్దలు. పెంచారు, నిజమే. కానీ పసిపిల్లలకు మందు బరువును బట్టి లెక్కకడతారు. 60 కిలోల మనిషికి ఆరు మి.లీ. ఎక్కువైతే పెద్ద తేడా రాదు, 10 కిలోల బిడ్డకు వస్తుంది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2015లోనే, ద్రవ మందులకు స్పూన్ లెక్క మానేసి మి.లీ.లోనే రాయాలని చెప్పింది.

కాబట్టి షాపులో ఎవరైనా "స్పూన్" అంటే, "ఎన్ని మి.లీ.?" అని అడగండి. సిరంజి ఒకటి కొనుక్కోండి. అంతటితో అయిపోలేదు. అదే పారాసిటమాల్ 5 మి.లీ.కి 250 మి.గ్రా. ఉండే సీసా కూడా వస్తుంది. అందుకే సీసా మారితే చీటీతో పోల్చి చూడండి, తేడా ఉంటే డాక్టర్ని అడిగాకే పట్టండి.

మా ఇంట్లో ఇప్పుడు సిరంజి మందుల డబ్బాలో ఉంది. చెంచా పంచదార డబ్బాకు తిరిగి వెళ్లింది.