శాలువా తర్వాత రాయాల్సిన ఉత్తరం

కాలేజీలో వర్క్‌షాప్ ముగిశాక అతిథికి శాలువా కప్పుతాం, మెమెంటో చేతికిస్తాం, రెండు రోజులు తిరక్కుండా లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం పంపుతాం. అమూల్యమైన సమయం కేటాయించారని, విద్యార్థులు ఎంతో స్ఫూర్తి పొందారని అందులో ఉంటుంది. పేరూ తేదీ మారిస్తే ఆ ఉత్తరం ఎవరికైనా సరిపోతుంది. పని మానుకుని, బస్సెక్కి వచ్చిన మనిషికి తెలుసుకోవాలని ఉండేది ఒక్కటే: నేను చెప్పిందాంట్లో పిల్లలకు ఏది పట్టింది? దానికి మన ఉత్తరంలో జవాబు ఉండదు. అది ఉండి తీరాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ మధ్య మా పాలిటెక్నిక్ సివిల్ పిల్లలకు కాంక్రీటు గురించి చెప్పడానికి ఒక రిటైర్డ్ సైట్ ఇంజనీరు గారు వచ్చారు. ప్రొజెక్టరు అడగలేదు. ఒక బకెట్టు తడి ఇసుక, ఒక గాజు కొలజాడీ, మగ్గుతో నీళ్లు అడిగారు. జాడీలో ఇసుకను వదులుగా 200 మిల్లీలీటర్ల గీత దాకా పోశారు. తర్వాత ఇసుక మునిగేదాకా నీళ్లు పోసి, కడ్డీతో కలిపి, కాసేపు ఆగమన్నారు. నీళ్లు పోస్తే ఇసుక మట్టం పెరుగుతుందని వెనక బెంచీల వాళ్లు అన్నారు. అది 160కి దిగింది.

చెమ్మగా ఉన్న ఇసుకలో ప్రతి రేణువు చుట్టూ పల్చటి నీటి పొర ఉంటుంది. ఆ పొర రేణువులను ఒకదానికొకటి ఎడంగా పట్టి ఉంచుతుంది కాబట్టి ఇసుక ఉబ్బి కనిపిస్తుంది. పూర్తిగా నీళ్లలో మునిగితే ఆ పట్టు పోయి, ఇసుక దాదాపు పొడి ఇసుకంత చోటుకే సర్దుకుంటుంది. 160 ఉండాల్సింది 200 చూపించిందంటే, ఉబ్బు నూటికి 25. సన్న ఇసుకైతే ఇంకా ఎక్కువే ఉబ్బుతుంది.

ఆ సాయంత్రమే అభిప్రాయ పత్రాలు పంచి ఉంటే అందరూ 'చాలా బాగుంది' మీద టిక్కు పెట్టి ఇళ్లకు పోయేవాళ్లు. మేం పది రోజులు ఆగాం. తర్వాత చిత్తు కాగితాలిచ్చి ఒకే ప్రశ్న వేశాం: ఆ రోజు విన్నదాంట్లో దేన్నయినా ఎక్కడయినా చేసి చూశారా, ఎవరికయినా చెప్పారా? చేయకపోతే ఖాళీగా ఇవ్వండి అన్నాం. చాలా కాగితాలు ఖాళీగానే వచ్చాయి. రాసిన కాగితాలతో ఉత్తరం తయారైంది. అందులో ముఖ్యమైన భాగం ఇది:

"నమస్కారమండీ. మీరు చూపించిన జాడీ మా పిల్లల వెంట ఇళ్లదాకా వెళ్లింది. మా విద్యార్థిని ఒకమ్మాయి వాళ్ల మేనమామ గారి ఇంటి స్లాబు పని దగ్గర, హార్లిక్స్ సీసాకు స్కేలు ఆనించి కొలిచింది. 10 సెంటీమీటర్ల ఇసుక 8కి దిగింది. అక్కడ మాలు 1:1.5:3 పాళ్లలో, పెట్టె కొలతతో కలుపుతున్నారు. బస్తా సిమెంటు 35 లీటర్లు కాబట్టి ఇసుక 52.5 లీటర్లు పడాలి. ఆ తడి ఇసుకను అంతే కొలిచి పోస్తే నిజంగా పడేది 42 లీటర్లే. పాళ్లు నిలవాలంటే 65 లీటర్ల పైచిలుకు పోయాలని ఆ అమ్మాయి లెక్క కట్టి మేస్త్రి గారికి చెప్పింది. ఆయన వెంటనే ఒప్పుకోలేదట. మాలు గరగరలాడుతోందనీ, పార తిరగడం లేదనీ, అందుకే నీళ్లు ఎక్కువ పోయిస్తున్నాననీ అన్నారట. ఇసుక తక్కువ పడటం వల్లే గరగర, ఆ గరగర పోగొట్టడానికే అదనపు నీళ్లు, ఆ నీళ్ల వల్లే బలం తగ్గడం. మీరు బోర్డు మీద బాణాలతో వేసిన వరస ఇదే. ఆ అమ్మాయి దాన్ని మేస్త్రి గారి నోటి నుంచి వినివచ్చింది."

ఉత్తరంలో ఈ పేరాకే ఎక్కువ చోటిచ్చాం. ఒక విద్యార్థి ఒక పని దగ్గర నిలబడి ఒక అంకె మార్చాలని చెప్పగలిగిందంటే, వచ్చిన అతిథికి అంతకు మించిన మెమెంటో ఏముంటుంది? తర్వాత ఇంకొక అబ్బాయి సంగతి రాశాం. ఇసుకలో ఉన్న చెమ్మ కూడా నీళ్ల లెక్కలోకే వస్తుందన్నది అతనికి పట్టింది. 52.5 లీటర్ల పొడి ఇసుక సుమారు 84 కిలోలు తూగుతుంది. చెమ్మ నూటికి 5 ఉంటే అందులోనే నాలుగు లీటర్ల పైన నీళ్లున్నట్టు. ఎం20 నామినల్ మిక్సుకు బస్తాకు 30 లీటర్లు మించకూడదని ఐఎస్ 456 చెబుతుంది కాబట్టి, బయటి నుంచి పోయాల్సింది 26 లీటర్లే. వాన పడ్డ మర్నాడు కూడా అదే డబ్బాతో అన్నే నీళ్లు పోస్తే ఏమవుతుందో ఆ అబ్బాయి ఇప్పుడు చెప్పగలడు.

పట్టనివి కూడా రాయాలా అని మా సహోద్యోగి ఒకాయన సందేహపడ్డారు. మర్యాదగా ఉండదేమో అన్నారు. నా ఉద్దేశంలో అవి రాయకపోతేనే ఆయన శ్రమను మనం లెక్కచేయనట్టు. అందుకని రెండు సంగతులు దాచకుండా రాశాం.

"ఒక అబ్బాయి 'మా ఊరి ఇసుక ఉబ్బదు' అని రాశాడు. ఎలా చేశావని అడిగితే, సీసాను నేలకు తట్టి తట్టి నింపానన్నాడు. తట్టగానే ఉబ్బిన ఇసుక సర్దుకుపోయింది, ఇక నీళ్లు పోసినా మట్టం దిగలేదు. వదులుగా పోయాలని మీరు చెప్పారు గానీ, తడితే ఏమవుతుందో చూపించలేదు. రెండోది, ఉబ్బు పరీక్ష అవగానే అదే జాడీలో ఒండ్రు పరీక్ష కూడా చూపించారు. దాంతో కొందరు రెండింటినీ కలిపేశారు. ఇసుక మీద పేరుకున్న ఒండ్రు పొరను కూడా ఇసుకగానే లెక్కేసి 168 దగ్గర చదివారు. అలా చదివితే 25 ఉండాల్సిన ఉబ్బు 19కి పడిపోతుంది. వచ్చే ఏడు రెండు పరీక్షలకూ వేరు వేరు జాడీలు పెడదామండీ. ఉబ్బు పరీక్షకు మాత్రం రెండు జాడీలు, ఒకటి వదులుగా పోసింది, ఒకటి తట్టి నింపింది."

పిల్లలు వేసిన ఒక ప్రశ్ననూ జతచేశాం. రోబో ఇసుకకు కూడా ఇదే లెక్కా అని. అదీ చెమ్మకు ఉబ్బుతుంది. ఎంత ఉబ్బుతుందన్నది దాని సన్నదనాన్ని బట్టి ఉంటుంది, ఆ జాడీయే చెబుతుంది. ఇంత మాకూ తెలుసు. అయినా జవాబు ఆయన చేతే చెప్పించాలని, మా జిల్లాలోని క్రషర్ ఇసుక ఒక సంచి ల్యాబులో తీసిపెట్టామని రాశాం.

ఉత్తరం ఒక పేజీ దాటింది. ప్రిన్సిపాల్ గారి సంతకంతో పాటు సీసాతో కొలిచిన అమ్మాయి, సీసా తట్టిన అబ్బాయి కూడా సంతకాలు చేశారు. ఒక ప్రతి ల్యాబు ఫైల్లో పెట్టాం. వచ్చే ఏడు ఇంకెవరు వచ్చినా, పాఠం మొదలుపెట్టే ముందు ఆ కాగితమే వాళ్ల చేతికిస్తాం.