‘తేలింది’ అన్నారు... ఏం తేలింది?

2020 డిసెంబర్ మొదటి వారం. కోవిడ్ పుణ్యమా అని రాజమండ్రిలో ఇంటి దగ్గర నుంచే ఉద్యోగం చేస్తున్నాను. మీటింగ్ మధ్యలో ఏలూరు నుంచి పిన్ని ఫోన్.

"ఏరా, సీసం అని తేలిపోయిందంట కదా! టీవీలో వేస్తున్నారు. కుళాయి నీళ్లు తాగడం మానేశాం. మరి బియ్యం కడుక్కోవచ్చా, కడుక్కోకూడదా?"

నేను చదివింది ఇంజనీరింగ్. సీసం గురించి నాకేం తెలుసు? అయినా ఇంట్లో కంప్యూటర్ చదువు చదివినవాడికి అన్నీ తెలుసని మనవాళ్ల నమ్మకం. "ఆగు పిన్నీ, చూసి చెప్తా" అన్నాను. ఆ రోజు వెతుకుతూ కూర్చుంటే సీసం గురించి కొంచెం తెలిసింది. దానికంటే ఎక్కువగా ‘తేలింది’ అనే మాట గురించి తెలిసింది.

అప్పటి సంగతి మర్చిపోయినవాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. డిసెంబర్ 5 నుంచి ఏలూరులో జనం ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. ముందు వన్ టౌన్ ప్రాంతం, తర్వాత మిగతా పేటలు. మూర్ఛ, నోట్లో నురగ, కళ్లు తిరగడం, వాంతులు. వారం తిరిగేసరికి 600 మందికి పైగా ఆసుపత్రికి వెళ్లారు. చాలామంది గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో కోలుకుని ఇంటికొచ్చేశారు. కోవిడ్ పరీక్ష చేస్తే నెగెటివ్. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటున్న జాడా లేదు. ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాద్ ఎన్ఐఎన్, సీసీఎంబీ, ఐఐసీటీ, ఇంకా నీరి, డబ్ల్యూహెచ్ఓ... అందరూ రంగంలోకి దిగారు. మూడు నాలుగు రోజుల్లో ఎయిమ్స్ నుంచి మొదటి కబురు: రక్తం నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి.

ఈ వాక్యాన్ని ఇంకోసారి చదవండి. ‘కనిపించాయి’ అని ఉంది. జబ్బు వాటి వల్లే వచ్చిందని లేదు. పిన్ని చూసిన స్క్రోలింగ్‌లో మాత్రం ‘సీసం వల్లే అని తేలింది’. మధ్యలో ఏదో జారిపోయింది. జారిపోయింది చిన్న మాటే కానీ ఆ వారం ఏలూరు మొత్తం ఆ చిన్న మాట మీదే నిలబడింది.

నిజానికి ఇలాంటి చిన్న మాటల విషయంలో తెలుగువాళ్లం చాలా ముదుర్లం. మా అమ్మమ్మ పొద్దున్నే తలుపు తీసి తడిసిన వాకిలి చూసి "రాత్రి వాన పడినట్టుందే" అంటుంది. తను చూడలేదు, తడి చూసింది. అందుకే ‘నట్టుంది’. పక్కింటావిడ చెప్తే "అమలాపురంలో వాన పడిందట" అంటుంది. ఆ ‘ట’తో బాధ్యత పక్కింటావిడ మీదకి వెళ్లిపోయింది. మబ్బు చూసి "సాయంత్రం పడొచ్చు" అంటుంది. నెత్తి మీద చినుకులు పడుతుంటే మాత్రమే "వాన పడుతోంది" అంటుంది. నాలుగు మాటలు, నాలుగు రకాల సాక్ష్యాలు. ఒక్కసారి కూడా పొరపాటు పడదు.

పరిశోధన పత్రాల్లో వచ్చే మే, అపియర్స్, సజెస్ట్స్ సరిగ్గా ఈ పనే చేస్తాయి. అపియర్స్ అంటే అమ్మమ్మ గారి ‘నట్టుంది’, జాడ చూసి చెప్తున్నాం అని. మే అంటే ‘వచ్చు’, కుదిరే పనే, కాకపోవడానికీ వీలుంది అని. సజెస్ట్స్ ఇంకో రకం. ఆ వాక్యంలో కర్త సాధారణంగా డేటానే. ‘ఈ ఫలితాలు ఫలానాదాన్ని సూచిస్తున్నాయి’ అంటారు. అంటే ‘మా నమ్మకం కాదు, అంకెలు అటు చెయ్యి చూపిస్తున్నాయి, అంతవరకే’ అని. భాషాశాస్త్రంలో వీటిని హెడ్జెస్ అంటారు. చేను చుట్టూ వేసే కంచె లాంటివన్నమాట. జార్జ్ లేకాఫ్ 1972లోనే వీటి మీద వ్యాసం రాశాడు. కెన్ హైలండ్ అనే ఆయన సైన్స్ పత్రాల్లోని కంచెల మీదే 1998లో ఒక పుస్తకం వేశాడు.

సరే, ఏలూరుకి వద్దాం. కంచె తీసేస్తే ఏమవుతుందో అక్కడ బాగా కనిపిస్తుంది.

రక్తంలో సీసం ఉంది. అక్కడి నుంచి ‘సీసం వల్లే మూర్ఛ’ దగ్గరికి వెళ్లాలంటే మధ్యలో కొన్ని మెట్లున్నాయి. మొదటి మెట్టు, ఎంత ఉంది? అప్పట్లో అమెరికా సీడీసీ పిల్లల విషయంలో డెసిలీటర్ రక్తానికి 5 మైక్రోగ్రాముల దగ్గర జాగ్రత్త పడమనేది. తర్వాత దాన్ని 3.5కి తగ్గించారు. కానీ పిల్లల్లో సీసం మెదడుకెక్కి మూర్ఛలు రావడం సాధారణంగా 70 దాటాక చూసే విషయం. ‘ఉండాల్సిన దానికంటే ఎక్కువ’ అనే మాట 6కీ వర్తిస్తుంది, 70కీ వర్తిస్తుంది. రెండింటికీ మధ్య పెద్ద గోదారంత దూరం ఉంది.

రెండో మెట్టు, జబ్బు పడనివాళ్ల సంగతేంటి? ఇది నాకు అన్నిటికంటే నచ్చిన ప్రశ్న. లెక్క కోసం ఊహించుకుందాం, ఇవి నిజం అంకెలు కావు. జబ్బు పడ్డ 100 మందిని పరీక్షిస్తే 80 మందిలో సీసం ఎక్కువుంది. అమ్మో అనిపిస్తుంది. అదే వీధుల్లో బాగానే ఉన్న ఇంకో 100 మందిని పరీక్షిస్తే 78 మందిలో ఎక్కువుంది. ఇప్పుడు? ఆ ఊళ్లో అందరి ఒంట్లోనూ సీసం ఉందని తెలిసింది. అదీ పెద్ద సమస్యే, కానీ ఈ మూర్ఛలకి కారణం అదేనని మాత్రం తెలియలేదు. అలా కాకుండా బాగున్నవాళ్లలో 10 మందికే ఉంటే అప్పుడు అనుమానం గట్టిపడుతుంది. మొదటి 80 రెండు సందర్భాల్లోనూ ఒకటే! అందుకే రెండో వంద చేతికొచ్చేదాకా రాసేవాడు ‘మే’ని వదలడు. వదలకూడదు కూడా.

మూడో మెట్టు, జబ్బు నడిచిన తీరు. సీసం సాధారణంగా ఒంట్లో నెమ్మదిగా పేరుకుంటుంది, నెమ్మదిగానే వదులుతుంది. ఊరంతా ఒకేసారి పడిపోయి, చాలామంది గంటల్లో లేచి కూర్చోవడం ఆ తీరుకి అంత సులువుగా అతకదు. పైగా మునిసిపాలిటీ నీళ్లు రాని చోట్ల ఉండేవాళ్లు కూడా జబ్బు పడ్డారని అప్పుడు అధికారులే చెప్పారు. అంటే పిన్ని మూసేసిన కుళాయి మీద నేరం రుజువు కాలేదు.

ఆ నెల మధ్యకి వచ్చేసరికి కథ మలుపు తిరిగింది. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని నిపుణులు ముఖ్యమంత్రికి చెప్పారు. ఒంట్లోకి ఎలా చేరాయో తెలియాలంటే ఇంకా పరీక్షలు జరగాలన్నారు. ఇక్కడా రెండు కంచెలున్నాయి, చూశారా? ‘కావచ్చు’ కారణానికి. ‘ఇంకా పరీక్షలు’ దారికి. ఈ రెండూ వేర్వేరు. ఏం మందో తెలిసినా, టమాటాల్లో వచ్చిందా నీళ్లలో వచ్చిందా అన్నది విడిగా తేలాలి.

పురుగుమందుల్లోనూ రకాలున్నాయి. ఆర్గానోఫాస్ఫేట్ రకం అయితే నరాల సంకేతాలని ఆపే ఒక ఎంజైమ్ పని చేయడం మానేస్తుంది. కంటిపాపలు చిన్నవైపోతాయి, చెమట, లాలాజలం కారిపోతాయి. ఆర్గానోక్లోరిన్ రకంలో మూర్ఛలు ముందుకొస్తాయి. డీడీటీ లాంటివి కొవ్వులో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. అలాంటిది ఈరోజు రక్తంలో కనపడితే మొన్న శనివారం ఒంట్లో చేరిందో, పదేళ్ల క్రితం చేరిందో ఆ ఒక్క పరీక్ష చెప్పదు. మళ్లీ ‘నట్టుంది’ దగ్గరే ఆగాలి.

పిన్నికి ఇదంతా చెప్తే ఏమంటుంది? అన్నది కూడా. "ఇన్ని ‘వచ్చు’లు పెడితే ఇంక మీ సైన్సెందుకురా?"

ఆ కోపంలో న్యాయముంది. ఎందుకంటే ‘మే’లన్నీ ఒకటి కావు, కానీ వినేవాడికి అన్నీ ఒకేలా వినిపిస్తాయి. వాతావరణ మార్పుల మీద నివేదికలిచ్చే ఐపీసీసీ వాళ్లు ఈ గొడవ గుర్తించి మాటలకి అంకెలు కట్టేశారు. వాళ్ల భాషలో లైక్లీ అంటే కనీసం 66 శాతం, వెరీ లైక్లీ అంటే కనీసం 90, వర్చువల్లీ సర్టెన్ అంటే 99. ఏలూరు గురించి మాట్లాడినవాళ్లు కూడా ‘కావచ్చు’ పక్కన ఒక అంకో, లేదంటే ‘ఏది తెలిస్తే ఈ కావచ్చు పోతుంది’ అనే ఒక్క వాక్యమో పెట్టి ఉంటే పిన్నికి పనికొచ్చేది. ఆ వాక్యం లేని ‘మే’ నాకు అనుమానమే. కంచె వెనక చేను ఉండాలి కదా. కొన్నిసార్లు కంచె ఒక్కటే ఉంటుంది.

మా ఆఫీసులోనూ ఇదే బాగోతం. సర్వర్ పడిపోయాక రాసే రిపోర్టులో ‘మెమరీ లీక్ కారణం అయ్యుండొచ్చు’ అని ఎవరో రాస్తారు. పై మీటింగ్‌కి వెళ్లేసరికి ‘కారణం మెమరీ లీక్’ అయిపోతుంది. రెండు వారాల తర్వాత సర్వర్ మళ్లీ పడుతుంది. అసలు లీకే లేదని అప్పుడు తెలుస్తుంది. ఆ ‘వచ్చు’ తీసేసిన వేలు ఎవరిదో ఎప్పటికీ తెలీదు. (ఒకసారి నాదే.)

తప్పంతా టీవీ వాళ్ల మీద తోసేయడం కూడా కుదరదు. బ్రిటన్‌లో 20 విశ్వవిద్యాలయాలు వదిలిన 462 పత్రికా ప్రకటనల్ని పరిశీలించి 2014లో బీఎంజే పత్రికలో ఒక అధ్యయనం వేశారు. మూడోవంతు ప్రకటనల్లో కారణం గురించి అసలు పత్రంలో ఉన్నదానికంటే గట్టిగా చెప్పారు. అంటే విలేకరి చేతికి రాకముందే కంచె పడిపోయింది. ఇంకో విశేషం, అలా పెంచి రాసినందువల్ల వార్త ఎక్కువ చోట్ల వచ్చిందా అంటే, దానికి పెద్దగా ఆధారం దొరకలేదట. ఈ ‘ట’ నాది. నేను చదివాను కానీ లెక్క చేసి చూడలేదు.

ఆ రోజు పిన్నికి చివరికి ఏం చెప్పానంటే: "నీళ్ల వల్ల అని తేలలేదు పిన్నీ. కాదనీ తేలలేదు. కొన్నాళ్లు క్యాన్ నీళ్లు తాగండి, కూరగాయలు ఉప్పు నీళ్లలో వేసి బాగా కడగండి. దానికి డబ్బులు తక్కువ, నష్టమేం లేదు. కానీ సీసం అని మాత్రం ఎవరికీ చెప్పకు."

"అప్పటికే పక్కింటి సుబ్బమ్మ గారికి చెప్పేశాను రా" అంది.

"ఏమని చెప్పావ్?"

ఒక్క క్షణం ఆగి, "సీసం అంట అన్నాను" అంది. "సీసం అని అన్లేదు."