పైసా కూడా బాకీ లేదని రాయొద్దు

వానలు ముఖం చాటేసిన ఏడు అనంతపురంలో మంచి బుడ్డల ఇత్తనాలు దొరకవు. అంగళ్లవాళ్లు చెళ్లకెర వైపు నుంచి లారీలో తెప్పిస్తారు. సరుకు కళ్లజూడకుండా కొన్నది కాబట్టి తగాదాలూ ఎక్కువే. చివరికి సరఫరాదారు వకీలు నోటీసు పట్టుకుని అంగడాయన నా దగ్గరికొస్తాడు. "పైసా కూడా బాకీ లేదని జవాబు రాసేయండి సార్" అంటాడు. నేను రాయను.

ఒక లెక్క వేసి చూద్దాం. యాభై కిలోల మూటలు 100, కిలో 100 రూపాయలు. పన్ను పక్కనపెడితే బిల్లు 5,00,000. మూడు లక్షలు కట్టాడు, తక్కిన రెండు లక్షలకు నోటీసు. కాటా వేస్తే వచ్చిన సరుకు 4,760 కిలోలే. తరుగు 240 కిలోలు, అంటే 24,000. పది మూటల్లో, 476 కిలోలకు, తడి తగిలి బూజు పట్టింది. అవి కిలో 60కి మించి పోలేదు. నష్టం 19,040. రెండూ కలిపి 43,040. జవాబులో కాదనాల్సింది ఇంతే. మిగతా 1,56,960 ఇవ్వాల్సిందే.

సరుకు తక్కువొస్తే మొత్తం తిరస్కరించే హక్కు 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 37వ సెక్షన్ ఇస్తుంది. కానీ దించుకుని ఉంచుకుంటే, వచ్చినంతకు ఒప్పుకున్న రేటు కట్టాలి. నాణ్యత సంగతీ ఇంతే. అమ్మేసుకున్నాక సరుకు వద్దనడం కుదరదు. జరిగిన నష్టాన్ని ధరలో తగ్గించమని 59వ సెక్షన్ కింద అడగొచ్చు. ఈ తేడా తెలియకే చాలా జవాబులు చెడుతున్నాయి. మొత్తం కాదన్నవాడి అమ్మకాల చిట్టా కోర్టులో బయటపడితే, నిజమైన ఆ 43,040 కూడా ఎవరూ నమ్మరు.

ఆ మొత్తాన్ని నిలబెట్టేది వకీలు భాష కాదు, లారీ దిగిన రోజు కాగితాలు. నిండు లారీకి, ఖాళీ లారీకి వేబ్రిడ్జి చీటీలు ఉండాలి. ఆలస్యంగా తూస్తే, ఇత్తనాలు మీ అంగట్లోనే ఆరి తూకం తగ్గాయని అవతలివాళ్లు అంటారు. డ్రైవరు కాపీ మీద తరుగు రాయించి సంతకం తీసుకోవాలి. బూజు మూటల నుంచి నమూనా తీసి, డ్రైవరు ఎదుటే సీలు వేయాలి. సరఫరాదారుకు ఆ రోజే రాతపూర్వకంగా తెలపాలి. చట్టం "సహేతుకమైన సమయం" అంటుంది గానీ, తినే సరుకుకు అది చాలా తక్కువ. నాలుగు నెలలు నోరు మెదపక, నోటీసొచ్చాక బూజు గుర్తొస్తే ఎవరు ఒప్పుకుంటారు? జీఎస్టీలో పూర్తి బిల్లుకు క్రెడిట్ తీసుకుని, తరుగుకు క్రెడిట్ నోటు అడగకపోయినా అదే చిక్కు.

జవాబులో నోటీసులోని ఒక్కో పేరాకూ విడిగా బదులివ్వండి. తేదీ, మూటల సంఖ్య, తూకం రాయండి, చీటీల నకళ్లు జతచేయండి. బాకీ ఒప్పుకుంటూ సంతకం చేస్తే, గడువు దాటకముందైతే, మూడేళ్ల కాలపరిమితి మళ్లీ మొదలవుతుందన్నది నిజమే. అందుకే ఒప్పుకున్న 1,56,960 జవాబుతో పాటే కట్టేయండి. తగాదా ఆ 43,040కే పరిమితమవుతుంది.

— అనంతపురం న్యాయవాది