సున్నా, ఒకటి, రెండు: తాడు చివర లెక్క

ఇంటర్ ఫిజిక్స్‌లో తరంగాల చాప్టర్ చదివినవాళ్లకి ఈ రెండు ముక్కలు గుర్తుండే ఉంటాయి. తాడు చివర గోడకి కట్టేసి ఉంటే పల్స్ తలకిందులై వెనక్కి వస్తుంది. చివర ఫ్రీగా ఉంటే ఎలా వెళ్లిందో అలాగే, పైకే ఉండి తిరిగొస్తుంది. మొదటిదానికి దశ π మారుతుందని, రెండోదానికి మారదని బట్టీ పట్టేసి బిట్ కొట్టేశాం. అయితే పల్స్‌కి ముందున్నది గోడో కాదో ఎలా తెలుస్తుంది? అదే తాడు, అదే పల్స్. ఒక చివర తిరగబడి, ఇంకో చివర ఎందుకు తిరగబడదు?

దీనికి జవాబు ఒక చిన్న లెక్కలో ఉంది. పెద్ద ఫార్ములాలేమీ అక్కర్లేదు, కూడికలు తీసివేతలు చాలు.

5 మీటర్ల తాడు తీసుకుందాం. బరువు అర కేజీ, అంటే మీటరుకి 0.1 కేజీ. దాన్ని 10 న్యూటన్ల బిగువుతో లాగి పట్టుకున్నాం. కేజీ పప్పు ప్యాకెట్ చేతిలో ఉంటే ఎంత లాగుతుందో ఇంచుమించు అంత. తాడు మీద పల్స్ వేగం √(బిగువు ÷ మీటరు బరువు) కాబట్టి √(10 ÷ 0.1), అంటే సెకనుకి 10 మీటర్లు. ఇప్పుడు మన చేతి దగ్గర కొనని 0.05 సెకన్లలో 5 సెంటీమీటర్లు పైకి లేపి, మరో 0.05 సెకన్లలో కిందికి దించేశాం. గుడారం ఆకారంలో ఒక పల్స్ బయల్దేరింది. ఎత్తు 5 సెంటీమీటర్లు, పొడవు ఒక మీటరు. ముందు సగం ఒక వాలు, వెనక సగం ఇంకో వాలు.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. పల్స్ ముందుకి పోతోంది కానీ తాడు ముందుకి పోవట్లేదు. ముందు వాలులో ఉన్న తాడు ముక్కలన్నీ సెకనుకి ఒక మీటరు వేగంతో పైకి లేస్తుంటాయి. వెనక వాలులో ఉన్నవి అదే వేగంతో కిందికి దిగుతుంటాయి. అంతే.

ఇప్పుడు ముందు వాలులో, తాడు మధ్యలో ఎక్కడో ఉన్న ఒక చిన్న ముక్కని చూద్దాం. వెనకనున్న తాడు దాన్ని పైకి లాగుతోంది. ముందున్న తాడు ఇంకా లేవలేదు కాబట్టి కిందికి లాగుతోంది. ఎంత బలంతో? వాలు 50 సెంటీమీటర్లకి 5 సెంటీమీటర్లు, అంటే పదో వంతు. 10 న్యూటన్ల బిగువులో పదో వంతు, అంటే 1 న్యూటన్. పైకి 1, కిందికి 1, రెండూ సమానం. అందుకే ఆ ముక్క నిలకడగా సెకనుకి ఒక మీటరు చొప్పున లేస్తుంది. ఇంకో మాటలో చెప్పాలంటే, ఈ తాడుని ఒక చివర పట్టుకొని సెకనుకి ఒక మీటరు వేగంతో జరపాలంటే 1 న్యూటన్ ఖర్చవుతుంది. ఇందాక మన చెయ్యి పెట్టిన బలం కూడా అంతే.

ఈ 1ని గుర్తుపెట్టుకోండి. మధ్యలో ఉన్న ప్రతి ముక్కనీ దాని ముందున్న తాడు 1 న్యూటన్‌తో కిందికి పట్టి ఉంచుతుంది. అంత పట్టు దొరికినన్నాళ్లూ పల్స్‌కి ఏ సమస్యా లేదు, సాఫీగా ముందుకి పోతుంది.

సరే, పల్స్ గోడ దాకా వచ్చింది. చిట్టచివరి ముక్కకి ముందు తాడు లేదు, మేకు ఉంది. ముందున్న తాడు పెట్టాల్సిన 1 న్యూటన్‌ని ఇప్పుడు మేకే పెట్టాలి. కానీ అంతే పెడితే చివరి ముక్క మధ్యలో ముక్కల్లాగే సెకనుకి ఒక మీటరు చొప్పున లేచిపోతుంది. మేకు దాన్ని కదలనివ్వదు కదా. ఆ లేచే వేగాన్ని పూర్తిగా ఆపాలంటే ఇంకో 1 న్యూటన్ అదనంగా కిందికి లాగాలి. మొత్తం 2.

ఆ అదనపు 1 న్యూటన్ దగ్గరే అసలు కథ ఉంది. తాడు చివర పట్టుకొని 1 న్యూటన్‌తో కిందికి లాగడమంటే ఏంటి? ఇందాక మన చెయ్యి పైకి చేసిన పనినే గోడ కిందికి చేస్తోంది. అటువైపు ఎవరో నిలబడి తాడుని కిందికి జాడించినట్టే. అలా జాడిస్తే తలకిందుల పల్స్ పుట్టి మనవైపు బయల్దేరుతుంది. గోడ మన పల్స్‌ని తిప్పి పంపలేదు, చివర కదలకుండా ఉంచే ప్రయత్నంలో ఇంకో పల్స్‌ని పుట్టించింది.

న్యూటన్ రెండో నియమంతో సరిచూద్దాం. ముందు వాలులో తాడు అర మీటరు, బరువు 0.05 కేజీ, పైకి సెకనుకి ఒక మీటరు. ద్రవ్యవేగం పైకి 0.05. గోడ 2 న్యూటన్లతో 0.05 సెకన్లు కిందికి లాగింది, అంటే 0.1. 0.05 నుంచి 0.1 తీసేస్తే మైనస్ 0.05. అంత మోతాదులోనే, కిందికి. లెక్క చుక్క తేడా లేకుండా సరిపోయింది.

ఇప్పుడు రెండో చివర. తాడు కొనకి తేలికైన రింగు కట్టి, దాన్ని నున్నటి నిలువు కడ్డీకి తొడిగాం. రింగు బిగువుని మాత్రం నిలబెడుతుంది, పైకీ కిందికీ జారడానికి అడ్డు చెప్పదు. చివరి ముక్కని కిందికి పట్టి ఉంచే బలం ఇక్కడ సున్నా. ఉండాల్సిన 1 న్యూటన్ లేదు. కిందికి 1 తగ్గడమూ, పైకి 1 పెరగడమూ ఒకటే కదా. అంటే ఎవరో చివర పట్టుకొని 1 న్యూటన్‌తో పైకి లాగినట్టు. కొనకి ఇంకో మీటరు వేగం కలిసి, సెకనుకి 2 మీటర్ల చొప్పున లేస్తుంది. 0.05 సెకన్లలో 5 కాదు, 10 సెంటీమీటర్లు ఎక్కుతుంది. ఆ పైకి జాడింపు నుంచి పుట్టేది పైకి ఉన్న పల్సే. ద్రవ్యవేగం వైపు నుంచి చూసినా అంతే. పైకి వచ్చిన 0.05ని కిందికి తిప్పడానికి అక్కడ ఎవరూ లేరు, కాబట్టి అది పైకే ఉండి వెనక్కి పోతుంది.

కాబట్టి తాడు చివర ఎంత పట్టు దొరికిందన్నదే ప్రశ్న. ఒకటి దొరికితే పల్స్ అసలు వెనక్కే రాదు. రెండు దొరికితే తిరగబడి వస్తుంది. సున్నా అయితే అలాగే వస్తుంది.

మరి మధ్యలో అంకెలు? ఉంటాయి. మన తాడు చివర మీటరు బరువు వంద రెట్లు ఎక్కువున్న మోకు కట్టారనుకోండి. అది గోడంత మొండిది కాదు, కొంచెం కదులుతుంది. అదే బిగువు మీద, 5 సెంటీమీటర్ల పల్స్ తిరగబడి సుమారు 4.1 సెంటీమీటర్లుగా తిరిగొస్తుంది. మోకు బదులు వందో వంతు బరువున్న దారం కడితే అదే 4.1, కానీ తిరగబడకుండా. మన తాడు లాంటి తాడే కడితే సున్నా. గోడ, ఫ్రీ కొన అనేవి రెండు వేరు వేరు రూల్స్ కావు, ఒకే స్కేలుకి రెండు చివర్లు.

ఇది ఫోన్‌తో చూడొచ్చు. బట్టలారేసే తాడుని కిటికీ ఊచకి కట్టి, కాస్త గట్టిగా లాగి పట్టుకోండి. పైకీ కిందికీ కాకుండా పక్కకి ఒక్కసారి జాడించండి, అప్పుడు తాడు బరువుకి వచ్చే వంపు గొడవపెట్టదు. ఊచ దగ్గర ఫ్రెండ్‌ని పైనుంచి స్లో మోషన్ తీయమనండి. సెకనుకి 240 ఫ్రేములైతే, మన లెక్కలో పల్స్ తిరగడానికి పట్టే 0.1 సెకన్లకి 24 ఫ్రేములు వస్తాయి. గట్టిగా లాగితే పల్స్ వేగం పెరిగి ఆ ఫ్రేములు తగ్గుతాయి. వాటిలో ఒక ఫ్రేములో తాడు పూర్తిగా తిన్నగా కనిపించాలి. పల్స్ మాయమైపోయినట్టుంటుంది. నిజానికి వచ్చే పల్స్, పోయే పల్స్ ఒకదాన్నొకటి కొట్టేసుకున్న క్షణమది. ఆకారం లేదు కానీ ఊచ పక్కన తాడు రెట్టింపు వేగంతో కదులుతోంది. శక్తంతా ఆ కదలికలోనే ఉంది.

ఫ్రీ కొనకి ఊచకీ తాడుకీ మధ్య రెండు మీటర్ల సన్నటి కుట్టు దారం కట్టండి. ముడి దగ్గర తాడు ఎక్కువ ఎత్తుకి ఊగి, పల్స్ అదే వైపు తిరిగొస్తుంది. చివర వదిలేస్తే కుదరదు, బిగువు పోతే పల్సే పోతుంది. రింగుతో చేస్తే బరువైన ఇనప రింగు వాడకండి. చిన్న పల్స్‌కి ఆ రింగు కదిలేలోపే పని అయిపోతుంది, కాబట్టి అది గోడలా నడుస్తుంది. తిరిగొచ్చిన పల్స్ ముందు భాగం అవతలి వైపుకి ముంచినట్టు కనిపిస్తే తప్పు రింగుదే.

ఈ సున్నా, ఒకటి, రెండు లెక్క నా ఉద్యోగంలో కూడా తగులుతుంది. నెట్‌వర్క్ కేబుల్‌లో పోయే వోల్టేజ్ పల్స్ కూడా ఇలాగే నడుచుకుంటుంది. వైరు తెగి ఉంటే అది ఫ్రీ కొన, వోల్టేజ్ పల్స్ అలాగే తిరిగొస్తుంది. రెండు వైర్లు ఒకదానికొకటి తగిలి షార్ట్ అయితే అది గోడ, తిరగబడి వస్తుంది. కేబుల్ చివర సరిగ్గా దానికి తగ్గ రెసిస్టర్ ఉంటే అది ఒకటి, ఏమీ తిరిగిరాదు. లినక్స్‌లో, సపోర్ట్ చేసే నెట్‌వర్క్ కార్డ్ ఉంటే, ఈ కమాండ్ ఆ పల్స్‌నే పంపిస్తుంది:

```
sudo ethtool --cable-test eth0
```

ఏ జత తెగింది, ఏది షార్ట్ అయింది, ఎంత దూరంలో అన్నది చెబుతుంది. కేబుల్‌లో పల్స్ నానోసెకనుకి సుమారు 20 సెంటీమీటర్లు పోతుంది. 150 నానోసెకన్లకి తిరిగొచ్చిందంటే పోను రాను 30 మీటర్లు, అంటే తేడా 15 మీటర్ల అవతల ఉంది. అది తెగిందా, షార్ట్ అయిందా అన్నది మాత్రం ఒక్కదాన్నిబట్టే తేలుతుంది. పల్స్ తిరగబడి వచ్చిందా, అలాగే వచ్చిందా?