అరిచినోడిదేనా ఉద్యోగం?

రాత పరీక్ష గట్టెక్కిన మన పిల్లలు క్యాంపస్ ఉద్యోగాల దగ్గర ఎక్కడ ఆగిపోతున్నారు? అన్ని కంపెనీలూ గ్రూప్ డిస్కషన్ పెట్టవు గానీ, పెట్టిన చోట ఆ గదిలోనే ఆగిపోతున్నారు. బయటికొచ్చి చెప్పే మాట ఒకటే: "సార్, నోరు తెరిచే సందు ఇయ్యలేదు."

సందు ఎవరూ ఇవ్వరు. ఇంట్లో చిన్నప్పటినుంచీ "నీ అభిప్రాయం చెప్పు నాన్నా" అనిపించుకున్నోడు ఆ గదిలో కూర్చుంటాడు. "పెద్దోళ్ళ ముందు నోరెత్తకు" అని పెరిగిన మన పిల్ల కూడా అక్కడే కూర్చుంటుంది. దానికి ఇంగ్లీషు తోడు. ఈ తేడా తెలివిది కాదు, అలవాటుది. అయితే దానికి విరుగుడు మనం కూడా అరవడం కాదు.

లెక్క చూడండి. పది మంది, 15 నిమిషాలు. అంటే 900 సెకన్లు. సమానంగా పంచితే తలా 90 సెకన్లు. అర నిమిషం చొప్పున మూడుసార్లు మాట్లాడితే మన వాటా మనకు ముట్టినట్టే. అరిచేవాడు అయిదు నిమిషాలు తింటే అది పక్కోళ్ళ వాటా. మార్కులు వేసేవాళ్ళు గోడ పక్కన కూర్చుని అదీ చూస్తుంటారు.

ఒక ఉదాహరణ అనుకుందాం. "ఆన్‌లైన్ చదువు తరగతి గదికి సాటి వస్తుందా?" అని విషయం ఇచ్చారు. మూడో నంబరు కుర్రాడు ఖర్చు తగ్గుతుందన్నాడు. ఏడో నంబరు, ఫోనిస్తే పిల్లలు ఆటలాడతారన్నాడు. మన పిల్లది అయిదో నంబరు. ఏడో నంబరు మాట ముగించి ఊపిరి తీసుకునే చోటు కోసం ఆమె చూడాలి. ముందే కాస్త ముందుకు వంగి, అతని వైపు చూస్తూ ఉండాలి. వాక్యం ఆగగానే, "ఏడో నంబరు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను" అని అందుకోవాలి. ఇంగ్లీషులో "ఐ వాంట్ టు యాడ్ టు నంబర్ సెవెన్స్ పాయింట్" అంటే చాలు. తన నంబరు వినపడ్డ మనిషి, ఏం చెబుతుందోనని ఆగుతాడు. గొంతు పెంచకుండా దారి దొరికేది అక్కడే.

లోపలికొచ్చాక సరుకుండాలి. మన పిల్ల దగ్గర ఉంది. 2020లో బడులు మూతపడ్డప్పుడు, తెలంగాణలో సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ చానళ్ళలో పాఠాలు చెప్పారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నాయన పనికి పట్టుకుపోతే, టీవీలో సారుని అనుమానం అడిగేదెట్లా? "కాబట్టి చూడాల్సింది ఆన్‌లైన్ మంచిదా చెడ్డదా అని కాదు, అనుమానం వస్తే తీర్చేవాళ్ళెవరు అని" అంటే చర్చ మలుపు తిరుగుతుంది. అంతే, అక్కడ ఆపాలి. చెప్పిందే తిప్పి చెబితే విలువ పోతుంది.

ముగ్గురు ఒక్కసారే మొదలుపెడితే? ఒకసారి తగ్గండి. కానీ ఊరికే తగ్గొద్దు. "ముందు మీరు చెప్పండి, మీ తర్వాత నేను" అని అందరికీ వినపడేట్టు అనండి. వరస మీ పేరున రాసుకున్నట్టే. అతను ముగించగానే అందుకోండి. అక్కడ మళ్ళీ తగ్గితే ఇక దొరకదు.

ఆఖరున క్రోడీకరించడం. చాలామంది ఇక్కడ తమ వాదనే మళ్ళీ చెబుతారు. అది క్రోడీకరణ కాదు. మన వాడలో తగువు తీర్చే పెద్దమనిషి ఏం చేస్తాడు? "నీ మాట ఇది, వాళ్ళ మాట ఇది" అని ముందు రెండూ వినిపిస్తాడు. ఇదీ అంతే. కాగితం మధ్యలో గీత గీసి, అటు మాట అటు, ఇటు మాట ఇటు మొదటినుంచీ రాసుకోవాలి. చివర అర నిమిషంలో మూడు ముక్కలు చెప్పాలి: "ఖర్చు తగ్గుతుందని అందరం ఒప్పుకున్నాం. చిన్న పిల్లలకు పనికొస్తుందా అన్న దగ్గర రెండుగా చీలాం. అనుమానాలు తీర్చేదెవరన్నది తేలలేదు." కొత్త మాట కలపొద్దు. ఒప్పుకోనోళ్ళను ఒప్పుకున్నట్టు చెప్పొద్దు. ఎదుటి పక్షం వాళ్ళు "అవును, మేమన్నది అదే" అని తలూపితే సరిగ్గా చెప్పినట్టు. మొదటినుంచీ అరిచినోడు ఇది చెప్పలేడు. వాడు విననే లేదు గదా!

దీంతో అన్నీ తీరిపోవు. యాసను చూసి మార్కు తగ్గించేవాడి బుద్ధి మన మర్యాదతో మారదు. కానీ అలవాటు లేకపోవడం అన్నది మాత్రం మనం తీర్చుకోగలం. కంపెనీ వచ్చే వారం ముందు నేర్పితే అది రాదు. కాలేజీలు మొదటి ఏడాదినుంచే నేర్పాలని అడుగుదాం. మన హాస్టళ్ళలో వారానికొక గంట, గడియారం పెట్టి, పదిమందిని కూర్చోబెడదాం. మొదట తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో. ఎవరు ఎన్ని సెకన్లు మాట్లాడారో ఒకరు రాయాలి. ఎవరి వాటా ఎవరు తిన్నారో ఆ కాగితమే చెబుతుంది.