రీకాల్ ప్రకటన ఎవరి కోసం?

2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో రూబీ హోటల్ కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచాయి. పొగ మెట్ల మీదుగా పై గదులకు పాకి 8 మంది ప్రాణాలు తీసింది. ఆ దుర్ఘటన ఏ రీకాల్‌కూ సంబంధించింది కాదు. కానీ అంతకు ఐదు నెలల ముందే బ్యాటరీ మంటలపై కంపెనీలు జనంతో ఎలా మాట్లాడాయో ఈ నగరం చూసింది.

ఆ ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒక కుటుంబం స్కూటర్ బ్యాటరీని విప్పి, రాత్రి ఇంట్లో ఛార్జింగ్ పెట్టింది. అది పేలి అక్కడ నిద్రిస్తున్న వృద్ధుడు మరణించారు. తయారీదారు మన హైదరాబాద్ సంస్థే, ప్యూర్ ఈవీ. సంస్థ విచారం తెలిపింది. అదే ప్రకటనలో, ఆ బండి అమ్మినట్టు గానీ సర్వీసు చేసినట్టు గానీ తమ దగ్గర రికార్డు లేదని, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారేమో పరిశీలిస్తున్నామని చేర్చింది. నిజమే కావచ్చు. కానీ శవం లేచిన ఇంటి ముందు అనాల్సిన మాటేనా అది? చేయి మారినంత మాత్రాన బ్యాటరీలో లోపం మాయమవుతుందా?

ఆ వెంటనే 2,000 బండ్లను సంస్థ వెనక్కి పిలిచింది. ఈట్రాన్స్ ప్లస్, ఈప్లూటో 7జీ మోడళ్లలో 'సంబంధిత బ్యాచ్‌లు' అంది, డీలర్ల ద్వారా కొన్నవారికి కబురు చేస్తామంది. బండి ఉన్నవాడి ప్రశ్నలు వేరు: నా బండి ఆ బ్యాచ్‌లో ఉందా? ఈ రాత్రి ఛార్జింగ్ పెట్టాలా వద్దా? రీకాల్ ప్రకటన మొదటి వాక్యం ఈ రెండో ప్రశ్నకే జవాబు కావాలి. ఛార్జింగ్ ఆపండి, బ్యాటరీని ఇంట్లోంచి బయటపెట్టండి అని తెలుగులో, పెద్ద అక్షరాల్లో చెప్పాలి. ఛాసిస్ నంబర్ల శ్రేణి ఆ కిందే ఉండాలి. సంస్థ పరీక్షల గొప్పలు తర్వాత.

డీలర్ జాబితా ఒక్కటే చాలదు. గంటకు 25 కిలోమీటర్లు దాటని తక్కువ శక్తి బండ్లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కాబట్టి అవి చేతులు మారితే కొత్త యజమాని పేరు ఆర్టీఏ దగ్గరా ఉండదు. అతణ్ని చేరేది బహిరంగ ప్రకటన మాత్రమే.

కారణం తెలియనప్పుడు తెలియదనే చెప్పాలి. 2016లో శామ్‌సంగ్ నోట్ 7 ఫోన్లను వెనక్కి తీసుకుని మార్చి ఇస్తే, కొత్తవీ కాలాయి. చివరికి ఆ మోడల్‌నే ఆపేసి, 2017 జనవరిలో ఇద్దరు సరఫరాదారుల బ్యాటరీల్లో వేర్వేరు లోపాలున్నాయని ఆ సంస్థ బహిరంగంగా వివరించింది. తొందరపడి భరోసా ఇచ్చినందుకు కట్టిన మూల్యమది.

లోపం తానే గమనించి రీకాల్ మొదలుపెట్టిన తయారీదారుకు మోటారు వాహనాల చట్టం 110ఏ సెక్షన్ జరిమానా నుంచి మినహాయింపు ఇస్తోంది. ఆ వెసులుబాటుకు బదులుగా ఎన్ని బండ్లు తిరిగొచ్చాయో, ఎన్ని మిగిలాయో వారం వారం ప్రకటించడాన్ని కేంద్రం తప్పనిసరి చేయాలి.