అమ్మ డిపాజిట్టు కోసం బ్యాంకుకి వెళ్లినప్పుడు

అమ్మ పోయిన రెండు నెలలకి, మొన్న ఫిబ్రవరిలో, ఆమె బ్యాంకు కాగితాలన్నీ ఒక సంచిలో వేసుకుని ప్రత్తిపాడు వెళ్లాను. ఒక పాస్‌బుక్కు, రెండు ఫిక్సెడ్ డిపాజిట్ రశీదులు, మరణ ధ్రువీకరణ పత్రం నాలుగు కాపీలు. మిరపకాయలు అమ్మిన ఏడు, అప్పులన్నీ తీరాక ఏమన్నా మిగిలితే అమ్మ అక్కడ వేసుకునేది. రశీదులు రెండూ కలిపి 3 లక్షలు, సేవింగ్స్ ఖాతాలో 41 వేల చిల్లర. పెద్ద సొమ్మేమీ కాదు. కానీ ఆ పని అయ్యేలోపు మా అన్నయ్య రెండు రోజులు నా ఫోన్ ఎత్తలేదు. అందుకే రాస్తున్నాను. బ్యాంకు పేరు మాత్రం రాయను, ఎందుకంటే ఇది ఏ బ్యాంకులోనైనా జరగొచ్చు.

నేను వెళ్లింది సోమవారం. అదే మొదటి పొరపాటు. శని, ఆదివారాలు మూసి తెరిచిన రోజు. పైగా అది రెండో శనివారం తర్వాతి సోమవారం. మిర్చి డబ్బులు పడే రోజులు, పంట రుణాలు రెన్యువల్ చేయించుకునేవాళ్లు, డ్వాక్రా వాయిదా కట్టే ఆడవాళ్లు, పాస్‌బుక్కు ప్రింటు మిషను దగ్గర ఇంకో గుంపు. టోకెన్లు లేవు. 10 గంటల 20 నిమిషాలకి వెళ్లి, డబ్బులు కట్టే కౌంటరు లైనులో నలభై నిమిషాలు నిలబడ్డాను. నా వంతు వచ్చాక కౌంటరులో అబ్బాయి "ఇది ఇక్కడ కాదమ్మా, లోపల ఆఫీసరు దగ్గర" అన్నాడు. ఆఫీసరు ఏదో పొలం చూడ్డానికి వెళ్లారట. ఆయన వచ్చేసరికి ఒంటిగంట దాటింది. మరణం క్లెయిములు ఎవరు చూస్తారో గోడ మీద ఒక కాగితం అంటిస్తే చాలు, నా పొద్దంతా మిగిలేది.

ఆఫీసరు చిన్నవాడు, మర్యాదస్తుడు. "కూర్చోండమ్మా" అని పాస్‌బుక్కు నంబరు కొట్టి చూశాడు. "నామినీ లేరండి" అన్నాడు. ఇక చకచకా చెప్పేశాడు. తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, వంద రూపాయల స్టాంపు కాగితం మీద పూచీ పత్రం, ఇద్దరు జామీనుదారులు, వారసులందరి సంతకాలు. డిపాజిట్లు గడువుకి ముందే తీస్తే ఒక శాతం కోత. నా చేతిలో ఆరు పేజీల ఫారాల కట్ట పెట్టాడు. అన్నీ ఇంగ్లీషులోనే. ఖాతా తెరిచే ఫారం, డబ్బు కట్టే చీటీ, పాస్‌బుక్కు మనకి తెలుగులో కూడా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఎప్పటినుంచో చెబుతోంది. చావు కాగితాల దగ్గరికి వచ్చేసరికి ఆ తెలుగు ఎక్కడికి పోతుందో మరి.

అసలు గొడవ ఆ కట్టలో ఒక పేజీతో వచ్చింది. డబ్బు తీసుకోని వారసులు సంతకం పెట్టాల్సిన పేజీ అది. "ఈ సొమ్ము ఫలానా వారికి చెల్లించడానికి మాకు అభ్యంతరం లేదు, ఇందులో మాకు ఎలాంటి హక్కూ లేదు" అన్న అర్థం వచ్చేలా ఉంది. నేను ఫోటో తీసి హైదరాబాదులో ఉన్న అన్నయ్యకి, చెల్లికి వాట్సాప్‌లో పంపాను, సంతకాలు కావాలని. చెల్లి సరేనంది. అన్నయ్య చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. చివరికి వదిన ఎత్తి, "మీ అన్నయ్య బాధపడుతున్నారు, అమ్మ డబ్బులో హక్కు లేదని రాసిమ్మంటున్నావట" అంది.

నేనేం చెప్పను? ఆ కాగితం చదివితే నాకే అలా అనిపించింది. నిజానికి అది బ్యాంకు తన మీదికి రేపు ఎవరూ రాకుండా రాయించుకునే మాట. బ్యాంకు ఎవరికి చెల్లించాలన్న దాకే దాని పని. చెల్లించాక ఆ డబ్బు మేం ముగ్గురం ఎలా పంచుకోవాలన్నది మా మధ్య విషయం. ఆ ఒక్క ముక్క తెలుగులో చెప్పి ఇస్తే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు.

ఆ రాత్రి నిద్ర పట్టక రశీదులు బయటికి తీసి చూస్తూ కూర్చున్నాను. అమ్మ వాటిని పసుపు గుడ్డలో చుట్టి దాచింది, ఇంకా ఆ వాసన వస్తోంది. అడుగున చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంది, నామినేషన్ రిజిస్టర్డ్ అని. రెండో రశీదు మీద కూడా. పాస్‌బుక్కు మొదటి పేజీలో చూస్తే ఆ గడి ఖాళీ.

అప్పుడు అర్థమైంది. నామినీ అనేది మనిషికి కాదు, ఖాతాకి. ఒక ఖాతాకి రాశామంటే ఆ బ్యాంకులో ఉన్నవన్నిటికీ రాసినట్టు కాదు. అమ్మ సేవింగ్స్ ఖాతా ఎప్పుడో పాతకాలంలో తెరిచింది, దానికి ఎవరినీ రాయలేదు. డిపాజిట్లు వేసినప్పుడు మాత్రం ఎవరో అడిగి రాయించి ఉంటారు. ఆఫీసరు చూసింది పాస్‌బుక్కు నంబరు ఒక్కటే. రశీదుల నంబర్లు కొట్టనే లేదు.

బుధవారం పొద్దున తలుపులు తీయకముందే వెళ్లాను. ఈసారి నేరుగా మేనేజరు గారి గదికి. పావుగంటలో పిలిచారు. రశీదు మీద లైను చూపించి, "దీనికి నామినీ ఎవరో చూడండి" అన్నాను. ఆమె చూసి, "మీరేనమ్మా" అన్నారు.

నాకు తెలియదు. నామినీ సంతకం అక్కర్లేదు కాబట్టి అమ్మ చెబితే తప్ప తెలిసే దారి లేదు. చెప్పలేదు.

మేనేజరు గారు ఆ ఆరు పేజీల కట్ట వెనక్కి తీసుకుని రెండు భాగాలు చేశారు. డిపాజిట్లకి వేరే ఫారం, రెండు పేజీలు. దానికి మరణ పత్రం, నా ఆధార్, అసలు రశీదులు. అంతే. తహసీల్దారు సర్టిఫికెట్ వద్దు, జామీనులు వద్దు, అన్నయ్య సంతకమూ వద్దు. ఇదేమీ ఆమె దయ కాదు. నామినీ ఉన్నప్పుడు ఎంత సొమ్మయినా సరే వారసత్వ పత్రాలూ పూచీలూ అడగకూడదని, 15 రోజుల్లో పరిష్కరించాలని రిజర్వు బ్యాంకు 2005లోనే చెప్పింది. ఒక శాతం కోత సంగతి అడిగితే, డిపాజిట్టుదారు చనిపోయినప్పుడు ముందే తీసినా జరిమానా పడదన్నారు. డబ్బు ఉన్నన్నాళ్లకి వర్తించే వడ్డీ వస్తుంది.

నా కాపీ మీద అందినట్టు ముద్ర, తేదీ వేసివ్వమన్నాను. ఆమె కాస్త ఆశ్చర్యంగా చూశారు కానీ వేశారు. ఆ 15 రోజులు లెక్కపెట్టాలంటే ఆ ముద్ర ఒక్కటే ఆధారం. తొమ్మిదో రోజున డబ్బు నా ఖాతాలో పడింది. పడకపోయి ఉంటే ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. cms.rbi.org.in అనే సైటు, లేదా 14448 నంబరు. నాకు ఆ అవసరం రాలేదు.

ఇక సేవింగ్స్‌లో 41 వేలకి అడ్డదారి లేదు. నామినీ లేరు కాబట్టి ముగ్గురి సంతకాలూ పూచీ పత్రమూ కావాల్సిందే. అయితే బయటివాళ్ల జామీను మాత్రం మేనేజరు గారు తీసేశారు. 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన కొత్త నిబంధనల్లో, వాణిజ్య బ్యాంకుల్లో 15 లక్షల దాకా ఉన్న సొమ్ముకి నామినీ లేకపోయినా పని తేలిగ్గా చేయమన్నారు. అన్ని బ్యాంకులూ 2026 మార్చి 31 లోగా అమలు చేయాలని గడువు పెట్టారు. సహకార బ్యాంకులకి ఆ పరిమితి 5 లక్షలు.

అమ్మ ఏటీఎం కార్డుతో తీసేసి ఉంటే ఇంత తిరుగుడు ఉండేది కాదు కదా అని మీరనుకోవచ్చు. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ ఆలోచన వచ్చింది, పిన్‌ నంబరు కూడా తెలుసు. కానీ మనిషి పోయాక ఆ కార్డు వాడటం తప్పు. రేపు అన్నదమ్ముల్లో ఎవరన్నా లెక్క అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. అన్నయ్య ఫోన్ ఎత్తని ఆ రెండు రోజుల్లో, కార్డు ముట్టుకోనందుకు ఎంత సంతోషించానో.

నామినీ నేనేనని తెలిసిన రోజున ఆ మాట అన్నయ్యకి నా నోటితోనే చెప్పాను. బ్యాంకు కాగితంలో చూసి తెలుసుకుంటే ఇంకోలా ఉండేది. నామినీ అంటే సొంతదారు కాదని, వారసుల తరఫున డబ్బు చేతికి తీసుకునే మనిషి మాత్రమేనని, వీలునామా లేదు కాబట్టి ముగ్గురికీ సమానమేనని చెప్పాను. సుప్రీంకోర్టు కూడా 2010లో ఒక బ్యాంకు ఖాతా కేసులో ఇదే మాట చెప్పింది. అన్నయ్య కాసేపు ఊరుకుని, "అమ్మ నిన్నెందుకు రాసిందో తెలుసా, నువ్వు బస్సెక్కితే గంటలో వస్తావని" అన్నాడు. ఉగాదికి ఊరొచ్చి సేవింగ్స్ కాగితాల మీద సంతకాలు చేశాడు.

ఆ కుర్రాఫీసరు మీద నాకు కోపం లేదు. పంట రుణాలూ, డ్వాక్రా, క్లెయిములు అన్నీ ఒక్కడే చూస్తున్నాడు. కానీ "మాకు హక్కు లేదు" అన్న కాగితం ఒక ఇంటి చేతిలో పెట్టేముందు ఇంకో రెండు నంబర్లు కొట్టి చూడటానికి ఒక నిమిషం పడుతుంది. నేను మళ్లీ వెళ్లినప్పుడు అతనే లేచి వచ్చి, "రశీదులు చూడలేదమ్మా, తప్పు నాదే" అన్నాడు. ఆ మాట అనేవాళ్లు ఈ రోజుల్లో తక్కువే.

ఇంటికొచ్చి మా ఆయన పాస్‌బుక్కులన్నీ ముందేసుకున్నాను. ఆయన పెళ్లికి ముందు తెరిచిన ఖాతా ఒకటుంది, జీతం పడేది అందులోనే. నామినీ గడిలో మామయ్యగారి పేరు. ఆయన పోయి పదకొండేళ్లు. అంటే నామినీ లేనట్టే లెక్క. "రేపు సెలవు పెట్టండి, బ్యాంకుకి వెళ్దాం" అన్నాను. "రేపు సోమవారం కదే" అన్నారు. మంగళవారం వెళ్లాం.